రాబడి పడిపోయిన ఏడాది ఖర్చు ఎంత తగ్గించాలి: గార్డ్‌రెయిల్స్ పద్ధతి, 2000లో రిటైరైనవారి లెక్క

సభకు నమస్కారం. ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చినవారిలో చాలామంది అమెరికాలో పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో ఉద్యోగం చేసి ఇప్పటికే రిటైరైనవారో, త్వరలో కాబోతున్నవారో అని నిర్వాహకులు చెప్పారు. అందుచేత డబ్బు ఎలా కూడబెట్టాలన్న విషయం జోలికి నేను పోను. 401కె లోనూ ఐఆర్‌ఏ లోనూ పోగైన సొమ్ములోంచి ఏటా ఎంత తీసుకోవచ్చు, మార్కెట్ పడిపోయిన ఏడాది ఆ మొత్తాన్ని ఎంత తగ్గించాలి, తగ్గిస్తే నిజంగా ఏమవుతుంది అన్న ఒక్క విషయానికే ఈ సమయాన్ని కేటాయిస్తాను.

మీలో చాలామందికి నాలుగు శాతం సూత్రం తెలిసే ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆర్థిక సలహాదారుగా ఉన్న విలియం బెంగెన్ 1994లో ఒక వ్యాసం రాశారు. రిటైరైన మొదటి ఏడాది నిధిలో సుమారు నాలుగు శాతం తీసుకుని, ఆ తర్వాత ఏటా ధరలు పెరిగినంత మేర ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోయినా, అప్పటికి అందుబాటులో ఉన్న అమెరికా మార్కెట్ చరిత్రలో ఏ సంవత్సరం రిటైరైనవారికైనా ముప్ఫై ఏళ్లపాటు డబ్బు సరిపోయిందని ఆయన లెక్క తేల్చింది. ఈ సూత్రంలో మనిషి మార్కెట్‌ను అసలు చూడడు. నిధి సగమైనా అంతే తీసుకుంటాడు, రెట్టింపైనా అంతే తీసుకుంటాడు. అత్యంత చెడ్డ కాలాన్ని దృష్టిలో పెట్టుకుని కట్టిన సూత్రం కనుక, మామూలు కాలంలో రిటైరైనవారు చాలా డబ్బు మిగిల్చి పోతారు. చెడ్డకాలంలో రిటైరైనవారు మాత్రం నిధి కరిగిపోతున్నా చేతులు కట్టుకుని చూస్తూ ఉండాలి.

నిజానికి ఏ కుటుంబమూ అలా చేయదు. షేర్లు పడిపోతే కొత్త కారు వాయిదా పడుతుంది, ఆ ఏడాది ఇండియా ప్రయాణం మానుకుంటారు. మిన్నెసోటాకు చెందిన ప్లానర్ జొనథన్ గైటన్ ఈ సహజమైన జాగ్రత్తను నియమాలుగా మార్చి 2004లో ఒక వ్యాసం, 2006లో విలియం క్లింగర్‌తో కలిసి మరొకటి ప్రచురించారు. అవసరమైనప్పుడు కొద్దిగా తగ్గించుకోవడానికి ముందే ఒప్పుకుంటే, షేర్ల వాటా ఎక్కువగా ఉన్న నిధిలోంచి మొదటి ఏడాది అయిదు శాతానికి పైగా కూడా తీసుకోవచ్చని వారు వాదించారు. దీనికే గార్డ్‌రెయిల్స్ పద్ధతి అన్న పేరు స్థిరపడింది.

ఇందులో ముఖ్యమైన నియమాలు మూడు. వీటన్నిటికీ ఆధారం ఒకే ఒక్క సంఖ్య: ఈ ఏడాది తీసుకోబోయే మొత్తం నేటి నిధిలో ఎంత శాతం అన్నది. దాన్ని డ్రా శాతం అందాం. మొదటి ఏడాది అయిదు శాతంతో మొదలుపెడితే, దానికి అయిదో వంతు పైన, అంటే ఆరు శాతం దగ్గర ఒక గీత ఉంటుంది. అయిదో వంతు కింద, అంటే నాలుగు శాతం దగ్గర మరొక గీత ఉంటుంది. డ్రా శాతం పై గీతను దాటితే ఆ ఏడాది తీసుకునే మొత్తంలో పది శాతం కోత పెట్టుకోవాలి. కింది గీతకన్నా తగ్గితే పది శాతం పెంచుకోవచ్చు. రెండు గీతల మధ్య ఉన్నంతకాలం ధరల పెరుగుదల మేరకు పెంపు మామూలుగా వస్తుంది. అయితే దానికీ ఒక షరతు ఉంది. గత ఏడాది నిధి నష్టపోయి, డ్రా శాతం మొదలుపెట్టిన శాతం కన్నా ఎక్కువగా కూడా ఉంటే, ఈ ఏడాది ఆ పెంపు ఉండదు. నిరుడు ఎంత తీసుకున్నారో అంతే తీసుకోవాలి. ఈ రెండు షరతులూ కలిసి వర్తిస్తేనే పెంపు ఆగుతుంది. కేవలం మార్కెట్ పడిందని పెంపు మానుకునేవారిని నేను చాలామందిని చూశాను. నియమం అలా చెప్పడం లేదు. వీటికి తోడు, ఏ ఆస్తిని ముందుగా అమ్మాలన్నదానిపై కూడా వారు ఒక నియమం చెప్పారు. దాన్ని ఈరోజు పక్కన పెట్టి, ఏటా షేర్లనూ బాండ్లనూ మొదటి పాళ్లకు తెచ్చుకుంటారని అనుకుందాం.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. 2000 జనవరిలో ఒక దంపతులు పది లక్షల డాలర్లతో రిటైరయ్యారనుకోండి. అందులో అరవై శాతం ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఫండ్‌లోనూ, నలభై శాతం అమెరికా బాండ్ల ఫండ్‌లోనూ ఉంది. ఏడాది మొదట్లోనే ఆ ఏటి ఖర్చుకు తీసుకుంటారు. మొదటి ఏడాది అయిదు శాతం, అంటే 50,000 డాలర్లు. సలహాదారు ఫీజులు, పన్నులు లెక్కలోకి తీసుకోవడం లేదు. అవి కలిపితే చిత్రం ఇంకొంచెం కఠినంగా ఉంటుంది. రాబడులూ ధరల పెరుగుదలా ఆయా సంవత్సరాల్లో నిజంగా నమోదైనవే. మొత్తాలను మాత్రం గుండ్రంగా చెబుతాను.

2000 సంవత్సరాన్ని ఎందుకు ఎంచుకున్నానో మీలో అప్పటికే ఇక్కడ ఉన్నవారికి చెప్పనక్కరలేదు. వరసగా మూడేళ్లు ఎస్ అండ్ పీ 500 నష్టపోయింది: 2000లో సుమారు తొమ్మిది శాతం, 2001లో పన్నెండు, 2002లో ఇరవై రెండు. బాండ్లు ఆ మూడేళ్లూ బాగానే రాబడి ఇచ్చాయి కనుక మొత్తం నిధి మీద నష్టం వరసగా ఒక శాతం లోపు, నాలుగు శాతం లోపు, తొమ్మిది శాతం చిల్లరగా మిగిలింది. ఏ ఒక్క సంవత్సరాన్నీ విడిగా చూస్తే ఇదంత భయంకరంగా కనిపించదు. కానీ ప్రతి ఏడాదీ ఆ నష్టానికి తోడు యాభై వేలు బయటికి పోతున్నాయి. ధర తక్కువగా ఉన్నప్పుడు అమ్మిన యూనిట్లు, తర్వాత ధర పెరిగినప్పుడు మన దగ్గర ఉండవు. ఉద్యోగం చేసేవారికి ఇదే మూడేళ్లు చవకగా కొనుక్కునే అవకాశం. తీసుకుంటున్నవారికి తిరిగి పూడని లోటు.

2001 జనవరిలో నిధి 9 లక్షల 42 వేలు. గత ఏడాది నష్టం, డ్రా శాతం 5.3, రెండు షరతులూ వర్తించాయి కనుక పెంపు లేదు, మళ్లీ యాభై వేలే. 2002 జనవరిలో నిధి 8 లక్షల 58 వేలు, డ్రా శాతం 5.8. పై గీతకు కాస్త కిందనే ఉంది కనుక కోత లేదు. పెంపు కూడా లేదు. 2003 జనవరిలో నిధి 7 లక్షల 35 వేలకు దిగింది. యాభై వేలు తీసుకుంటే అది 6.8 శాతం అవుతుంది. గీత దాటింది కనుక పది శాతం కోత పడి 45,000 డాలర్లు మాత్రమే చేతికొచ్చాయి.

ఇక్కడ కాస్త ఆగాలి. అయిదు వేల డాలర్ల కోతే కదా, నెలకు నాలుగు వందల చిల్లర, సర్దుకోవచ్చు అనిపిస్తుంది. కానీ కోతకు ముందే మూడు జనవరుల్లో పెంపు ఆగిపోయింది. ఆ మూడేళ్ల ధరల పెరుగుదల కలిపితే ఏడున్నర శాతం. 2000లో యాభై వేలతో కొన్నవి 2003లో కొనాలంటే దాదాపు 53,800 కావాలి. చేతిలో ఉన్నది 45,000. అంటే జీవన స్థాయిలో తగ్గింది పది శాతం కాదు, పదహారు శాతం పైమాట. కోత అందరికీ కనిపిస్తుంది, ఎందుకంటే బ్యాంకులో పడే మొత్తం తగ్గుతుంది. పెంపు ఆగడం ఎవరికీ కనిపించదు, ఎందుకంటే బ్యాంకులో పడే మొత్తం అలాగే ఉంటుంది. పైగా ఆగిన పెంపు తర్వాతి మంచి సంవత్సరంలో తిరిగి రాదు. నియమంలో బకాయి చెల్లింపు అంటూ ఏదీ లేదు. తగ్గిన మొత్తం మీదే కొత్త పెంపు లెక్క కడతారు.

2003లో మార్కెట్ బాగా పుంజుకుంది. 2004 నుంచి 2007 వరకు ఏటా పెంపు వచ్చింది. మొత్తం మళ్లీ యాభై వేలకు చేరింది. కానీ ఒక సంగతి గమనించాలి. ఆ నాలుగేళ్లలో డ్రా శాతం 5.6కు తగ్గలేదు, 2006లో అయితే 5.96 వరకు వచ్చి గీత పక్కనే నిలిచింది. అంటే మంచి సంవత్సరాల్లో కూడా ఈ కుటుంబానికి ఊపిరి పీల్చుకునే జాగా దొరకలేదు. ఎవరైనా నన్ను తమ ప్రణాళిక ఆరోగ్యంగా ఉందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే, నేను నిధి మొత్తాన్ని చూడను; ఈ శాతం మంచి ఏళ్లలో ఎంత వెనక్కి వస్తోందో చూస్తాను. నిధి పెరుగుతున్నా శాతం గీత దగ్గరే తచ్చాడుతుంటే, తర్వాతి పతనానికి కోత ఖాయమైపోయినట్టే.

అదే జరిగింది. 2008 జనవరిలో, ఇంకా పెద్ద పతనం రాకముందే, డ్రా శాతం ఆరు దాటింది, రెండో కోత. ఆ ఏడాది ఎస్ అండ్ పీ 500 ముప్ఫై ఏడు శాతం పడిపోయింది. 2009 జనవరిలో నిధి 6 లక్షల 48 వేలు, శాతం 7 పైన. పెంపు ఆగింది, మూడో కోత పడింది. 2009లో మార్కెట్ ఎంత లేచినా 2010 జనవరిలో శాతం మళ్లీ కొద్దిగా ఆరు దాటింది, నాలుగో కోత. చివరికి ఆ ఏడాది తీసుకున్నది దాదాపు 39,100 డాలర్లు. పదేళ్ల ధరల పెరుగుదలతో 2000 నాటి జీవన స్థాయి నిలబడాలంటే 64,200 కావాలి. ఒక్కొక్కటిగా చిన్నవిగా కనిపించిన కోతలు, ఆగిన పెంపులు కలిసి జీవన స్థాయిని ముప్ఫై తొమ్మిది శాతం తగ్గించాయి.

మరి కోతలు లేకుండా ఏటా ధరల మేరకు పెంచుకుంటూ పోయిన దంపతుల సంగతి ఏమిటి? అదే నిధి, అదే మార్కెట్. 2010 జనవరిలో వారి నిధి 6 లక్షల 16 వేలు, వారు తీసుకుంటున్నది 64,200. డ్రా శాతం పదికి పైన. ఆ తర్వాత వచ్చిన దశాబ్దం షేర్లకు అసాధారణంగా మంచిది. అయినా 2022 నాటి నష్టం, ఆ సమయంలో ధరల పెరుగుదల కలిసి వారి నిధిని తినేశాయి; 2025 జనవరి నాటికి ఆ ఏటి ఖర్చుకు సరిపడా డబ్బు అందులో మిగలదు. అరవై అయిదో ఏట రిటైరైనవారైతే అప్పటికి తొంభై ఏళ్లు. కోతలు పెట్టుకున్నవారి నిధి అదే సమయానికి పది లక్షలకు పైనే ఉంటుంది. డబ్బు ఎక్కువ కాలం నిలవాలన్న లక్ష్యాన్ని ఈ పద్ధతి నిస్సందేహంగా సాధించింది.

అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది. కోతలు పెట్టుకున్న దంపతులకు కింది గీత తగిలి మొదటిసారి పది శాతం పెంపు వచ్చింది ఎప్పుడో తెలుసా? 2021లో. 2003 నాటి మొదటి కోత నుంచి పద్ధెనిమిదేళ్ల పాటు, వయసు ఆరోగ్యం సహకరించే కాలంలో, అవసరమైన దానికన్నా తక్కువతో బతికి, ఎనభై దాటాక నిధి మొదటి మొత్తం కన్నా ఎక్కువగా చూసుకున్నారు. నియమాలు కోతను తొందరగా పెడతాయి, తిరిగి ఇవ్వడంలో ఆలస్యం చేస్తాయి. దీనికి కారణం ఆ ఒక్క శాతం మీదే అంతా ఆధారపడి ఉండడం. అరవై అయిదేళ్లవారికీ ఎనభై ఏళ్లవారికీ ఆరు శాతం అన్నది ఒకటే గీత. కానీ పదిహేనేళ్లకు సరిపోవలసిన నిధిలోంచి ఆరు శాతం తీసుకోవడం ప్రమాదమే కాదు. ఈ లోపం గైటన్, క్లింగర్‌లకు తెలియనిది కాదు. ప్రణాళిక చివరి పదిహేనేళ్లలో కోత నియమం వర్తించదని వారే రాశారు. మన దంపతుల విషయంలో ఆ వెసులుబాటు వచ్చేసరికి నాలుగు కోతలూ అయిపోయాయి.

అందుచేత ఈ పద్ధతిని అనుసరించాలనుకునేవారు మొదటి ఏడాది శాతాన్ని ఎంచుకునే ముందు ఒక పని చేయాలి. ఇంటి ఖర్చును రెండుగా విడదీయాలి. ఇంటి పన్ను, ఆరోగ్య బీమా, మందులు, కిరాణా, కరెంటు ఒక వైపు. ప్రయాణాలు, పిల్లలకూ మనవలకూ ఇచ్చేవి, విరాళాలు, కారు మార్చడం మరో వైపు. సోషల్ సెక్యూరిటీ మొదటి వైపు ఖర్చులో ఎంత భాగం భరిస్తుందో చూడాలి. మన దంపతులకు సోషల్ సెక్యూరిటీ ఏడాదికి ముప్ఫై వేలు వస్తోందని, అది ధరలతో పాటు పెరుగుతుందని అనుకుంటే, 2010లో వారి మొత్తం ఆదాయంలో పడిన లోటు ముప్ఫై తొమ్మిది శాతం కాదు, ఇరవై నాలుగు శాతం. తప్పనిసరి ఖర్చు మొత్తంలో మూడు వంతుల లోపు ఉన్న కుటుంబానికి అది కష్టమే గానీ భరించగలిగేది. తొంభై శాతం తప్పనిసరి అయిన కుటుంబానికి ఈ నియమాలు కాగితం మీదే మిగులుతాయి. మూడో కోత దగ్గర వారు నియమాన్ని వదిలేస్తారు, వదిలేయక తప్పదు.

మరొక లెక్క చెబుతాను. అదే దంపతులు అయిదు శాతానికి బదులు నాలుగున్నరతో, అంటే నలభై అయిదు వేలతో మొదలుపెట్టి ఉంటే? గీతలు అప్పుడు 5.4 దగ్గర, 3.6 దగ్గర ఉంటాయి. వారికి 2003, 2009, 2010లలో మూడు కోతలు పడతాయి. 2010లో వారు తీసుకునే మొత్తం కూడా సరిగ్గా అదే 39,100. అంటే అయిదు శాతంతో మొదలుపెట్టినవారు అదనంగా పొందినది, 2008లో ఒక కోతగా తిరిగి ఇచ్చేశారన్నమాట. తేడా ఎక్కడంటే, నాలుగున్నరతో మొదలుపెట్టినవారి నిధిలో 2010 జనవరిలో దాదాపు 48 వేలు ఎక్కువ ఉన్నాయి. మొదటి ఎనిమిదేళ్లు ఎక్కువ ఖర్చు చేసి తర్వాత గట్టి కోతను భరించడమా, మొదటినుంచీ కాస్త తక్కువతో ఉండడమా అన్నది ఎవరి ఇష్టం వారిది. డెబ్బై ఏళ్లలోపు తిరగాలనుకునేవారికి మొదటిది సబబే కావచ్చు. కానీ అయిదు శాతాన్ని ఉచితంగా దొరికిన బహుమతిగా చూపించే బ్రోషర్లను నమ్మకండి.

కోతల పరిమాణాన్నే తగ్గించే పద్ధతులూ ఉన్నాయి. వాన్‌గార్డ్ సంస్థ ప్రచారం చేసిన ఒక రూపంలో, ఏటా నిధిలో నిర్ణీత శాతం తీసుకుంటారు గానీ, ధరల పెరుగుదల సర్దుబాటు చేశాక నిరుటికన్నా రెండున్నర శాతానికి మించి తగ్గకూడదు, అయిదు శాతానికి మించి పెరగకూడదు అని పరిధి పెడతారు. మూడేళ్లు వరసగా చెడ్డవైనా జీవన స్థాయి ఏడు శాతం చిల్లర మాత్రమే తగ్గుతుంది. దీనికి మూల్యం మొదటి శాతం తక్కువగా ఉంచుకోవడం, దీర్ఘకాల పతనంలో నిధి కోలుకోవడం ఆలస్యం కావడం. నా అభిప్రాయం అడిగితే, ఒకేసారి పది శాతం కోత కన్నా కుటుంబాలు దీన్నే తేలిగ్గా పాటిస్తాయి.

పాటించడంలో జరిగే పొరపాట్లు కొన్ని చెబుతాను. లెక్క ఏడాదికి ఒకసారే, డిసెంబరు 31 నాటి మొత్తంతో చేయాలి; మార్కెట్ పడినప్పుడల్లా చేస్తే ప్రతి నెలా కోతే కనిపిస్తుంది. ఇల్లు ఈ మొత్తంలోకి రాదు. రూఫ్ మార్పించడానికో పెళ్లికో విడిగా తీసిన ఇరవై వేలను "ఇది లెక్కలోకి రాదు" అనుకోవడం అన్నిటికన్నా సాధారణమైన తప్పు. అది కూడా ఆ ఏటి డ్రాలో భాగమే, సలహాదారు ఫీజూ అంతే. ఐఆర్‌ఏ నుంచి తీసే మొత్తం మీద పన్ను ఉంటుంది కనుక, పది శాతం కోత పడినప్పుడు పన్ను కూడా కొంత తగ్గి, చేతికొచ్చేది పది శాతం కన్నా కాస్త తక్కువ మేరకే తగ్గుతుంది. ఇది ఈ లెక్కలో మనకు కలిసొచ్చే కొద్ది విషయాల్లో ఒకటి.

ముందు వరుసలోంచి ఒకరు అడుగుతున్నారు: హైదరాబాద్‌కు తిరిగి వెళ్లి, అక్కడి మ్యూచువల్ ఫండ్ నుంచి నెలనెలా ఎస్‌డబ్ల్యూపీ ద్వారా తీసుకుంటే ఇవే నియమాలు పనికొస్తాయా అని. గీతల పద్ధతి పనికొస్తుంది, సంఖ్యలు పనికిరావు. ఇవన్నీ అమెరికా మార్కెట్, అమెరికా ధరల చరిత్ర మీద కట్టినవి. అక్కడ ధరలు ఏటా అయిదారు శాతం పెరిగే కాలంలో ఒక్క ఏడాది పెంపు ఆగితే, అది ఇక్కడ రెండు మూడేళ్లు ఆగినంత దెబ్బ. అందుకని అక్కడ పెంపును పూర్తిగా ఆపకుండా సగం ఇవ్వడం, మొదటి శాతాన్ని తగ్గించి పెట్టుకోవడం మంచిదని నేను సలహా ఇస్తాను. నిధి డాలర్లలో ఉండి ఖర్చు రూపాయల్లో ఉంటే, డ్రా శాతాన్ని రెండింటినీ ఒకే కరెన్సీలోకి మార్చి లెక్కించాలి. పెంపుకు మాత్రం ఖర్చు జరిగే చోటి ధరల సూచీనే తీసుకోవాలి. రూపాయి బలహీనపడిన ఏడాది శాతం దానంతటదే తగ్గి కనిపిస్తుంది. దాన్ని చూసి వెంటనే పెంచుకోకండి. అక్కడి ధరలు ఆ తేడాలో కొంత భాగాన్ని తర్వాతి ఏళ్లలో వెనక్కి తీసుకుంటాయి.